డాబా మీద వాన నీళ్లు ఎన్ని వస్తాయి, ట్యాంకు ఎంతది కట్టాలి: లెక్క మొదటి నుంచి చివరిదాకా

"ఇంటికి ఎంత ట్యాంకు పెట్టుకోవాలి?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అడిగేవాళ్లలో చాలామందిది సముద్రానికి దగ్గర్లోని ఊరే. బోరు వేస్తే ఉప్పు నీళ్లు, వేసవిలో కాలవలు కట్టేస్తారు, చెరువు నీళ్లు అడుగంటేసరికి రంగు మారతాయి. కాబట్టి ఈ లెక్కంతా తాగడానికి, వంటకి మాత్రమే. స్నానాలకి, బట్టలకి వాన నీళ్లు ఎందుకు చాలవో మధ్యలో అంకెలతోనే తేలుతుంది.

ఉదాహరణకి మా అక్కావాళ్ల డాబా తీసుకుంటున్నాను. కోనసీమలో, ఉప్పలగుప్తం వైపు. ఇంట్లో ఐదుగురు. మా బావగారు ముందు వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు కొన్నారు. అది అక్టోబరులో పదిసార్లు పొంగిపొర్లి, జనవరికల్లా ఖాళీ అయింది. తర్వాత కూర్చుని వేసిన లెక్క ఇది.

## 1. ముందు చేతిలో ఉండాల్సినవి

- టేపు, కాగితం, పెన్సిలు
- మీ మండలం వర్షపాతం, నెలవారీగా, కనీసం పదేళ్లది
- నీళ్ల వాడకం: మూడు రోజులు బిందెలు లెక్కపెట్టి రాసుకున్నది
- ఒక వాన రోజున డాబా ఎక్కి చూసిన అనుభవం (ఇది ఎందుకో మూడో మెట్టులో చెబుతాను)

వర్షపాతం అంకెల కోసం తహసీల్దారు కార్యాలయంలో అడగండి. మండలం వర్షమాపకం రీడింగులు రోజూ ఉదయం నమోదవుతాయి. "ఏడాదికి సగటున ఇంత" అన్న ఒక్క అంకెతో సరిపెట్టుకోవద్దు. డెల్టాలో ఏడాదికి 1,100 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా పడుతుంది గానీ, అందులో దాదాపు అంతా జూన్ నుంచి నవంబరులోపే. ట్యాంకు సైజు తేల్చేది మిగతా ఆరు నెలలు.

## 2. పైకప్పు కొలవడం

గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. మిగతా లెక్కంతా దీని మీదే.

డాబాకి పిట్టగోడ లోపలి అంచు నుంచి లోపలి అంచుకి కొలవండి. పిట్టగోడ పైన పడిన వాన సగం బయటికే పోతుంది, దాన్ని నమ్ముకోవద్దు.

పెంకుటిల్లు, రేకుల ఇల్లు అయితే చూరు నుంచి చూరుకి నేల మీద కొలవాలి. వాలు వెంట కొలిస్తే విస్తీర్ణం ఎక్కువ చూపిస్తుంది. వాన పైనుంచి పడుతుంది కాబట్టి దానికి కనపడేది నేల మీద పడే నీడంత జాగానే. పైగా గట్టరు ఒకవైపే పెడితే ఆ వైపు సగాన్నే లెక్కలో వెయ్యాలి.

బావగారి డాబా లోపలి కొలత 34 అడుగులు, 24 అడుగులు. అంటే 816 చదరపు అడుగులు. దాన్ని 10.76తో భాగిస్తే 75 చదరపు మీటర్లు, పైన కొంచెం. ఆ కొంచెం వదిలేశాం.

## 3. పారుదల గుణకం: పడినదంతా పైపులోకి రాదు

వాన మొదలవగానే శ్లాబు కొంత పీల్చుకుంటుంది, కొంత గుంటల్లో నిలుస్తుంది, కొంత ఆవిరవుతుంది, కొంత గాలికి చిందిపోతుంది. మిగిలి పైపులోకి వచ్చే వంతే పారుదల గుణకం. లెక్కకి ఇవి వాడుకోవచ్చు:

- రేకులు: 0.9
- సిమెంటు శ్లాబు: 0.8
- మంగుళూరు పెంకులు: 0.75
- తాటాకు కప్పు: తాగే నీటికి వద్దు, రంగూ వాసనా దిగుతాయి

ఈ అంకెలు బాగున్న కప్పుకి. మీది ఎలా ఉందో చూడాలంటే ఒక వాన వెలిసిన అరగంటకి డాబా ఎక్కండి. నీళ్లు ఎక్కడెక్కడ నిలిచాయో సుద్దముక్కతో గీయండి. అరచేతి మందం మడుగులు రెండు మూడున్నాయంటే చిన్న వానలకి మీ గుణకం 0.8 కాదు, 0.6 కూడా ఉండదు. పెద్ద వానలో ఈ తేడా తెలియదు. చినుకుల రోజుల్లోనే దెబ్బ కొడుతుంది.

అక్కావాళ్ల డాబాకి రెండు తూములు. ఒకటి పెరటి వైపు, ఒకటి వీధి వైపు. ప్లంబరు పెరటి తూముకే పైపు తగిలించాడు. వీధి తూము ఎప్పటిలాగే రోడ్డు మీదికి నీళ్లు కక్కుతూ ఉండేది. ఏడాదిపాటు ఎవరూ గమనించలేదు. మీకు రెండు తూములుంటే రెండూ కలపండి, లేకపోతే ఒకదాన్ని మూసి వాలు సరిచేయించండి. అంతేగాని 75 మీటర్లకి లెక్క వేసి 40 మీటర్ల నీళ్లు పట్టొద్దు.

## 4. మొదటి నీళ్లు వదిలెయ్యడం, దాని వాటా తీసెయ్యడం

డాబా మీద కాకి రెట్టలు, దుమ్ము, కొబ్బరి పూత, నిన్న ఎండబెట్టిన వడియాల పిండి, అన్నీ మొదటి పది నిమిషాల్లో కొట్టుకొస్తాయి. అవి ట్యాంకులోకి పోకూడదు. కనీసం ఒక మిల్లీమీటరు వాన వదిలెయ్యాలి. 75 చదరపు మీటర్లకి అది 75 లీటర్లు.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. నాలుగంగుళాల పైపు మూడడుగుల ముక్క నిలబెట్టి, కింద బిరడా పెట్టి, "మొదటి నీళ్లు ఇందులోకి పోతాయి" అనుకుంటారు. ఆ పైపులో మీటరుకి పట్టేది ఎనిమిది లీటర్లే. అక్షరాలా ఒక బకెట్టు కూడా కాదు. 80 నుంచి 100 లీటర్ల డ్రమ్ము పెట్టండి. అది నిండాకే నీళ్లు ట్యాంకు వైపు మళ్లాలి. డ్రమ్ము అడుగున సన్నటి చిల్లు ఉంటే, వాన ఆగాక దానంతటదే కారి మర్నాటికి ఖాళీ అవుతుంది.

ఇలా వదిలే నీళ్లు ఏడాది మొత్తంలో పది శాతం దాకా ఉంటాయి. కాబట్టి:

```
లీటర్లు = విస్తీర్ణం (చ.మీ.) × వాన (మి.మీ.) × గుణకం × 0.9
```

బావగారి డాబాకి మిల్లీమీటరు వానకి 75 × 0.8 × 0.9, అంటే 54 లీటర్లు. నేను దాన్ని 50 చేశాను. నోటిలెక్కకి వీలు, కాస్త జాగ్రత్త కూడా.

## 5. ఏ వాన తీసుకోవాలి?

సగటు ఏడాది కాదు. సగటుకి కట్టిన ట్యాంకు రెండేళ్లకోసారి మోసం చేస్తుంది. పదేళ్ల అంకెలు ముందేసుకుని మొత్తాల్ని ఎక్కువ నుంచి తక్కువకి పేర్చండి. కింద నుంచి రెండోదాన్ని తీసుకోండి. ఆ ఏడాది నెలవారీ వానలే మీ లెక్కకి ఆధారం.

కింద పట్టీలో వాడిన వానలు లెక్క చూపించడానికి నేను తీసుకున్న ఒక కరువు ఏడాది అంకెలు, మొత్తం 620 మిల్లీమీటర్లు. మీ మండలం అంకెలు వేసుకుని ఇదే పట్టీ తిరిగి రాసుకోండి.

620 × 50, అంటే 31,000 లీటర్లు. చెడ్డ ఏడాదిలో కూడా ఆ డాబా ఇవ్వగలిగింది అది. ఈ అంకె చూసి చాలామంది ముప్పై వేల లీటర్ల ట్యాంకు గురించి ఆలోచిస్తారు. అక్కర్లేదు. వచ్చే నీళ్లు వేరు, దాచాల్సిన నీళ్లు వేరు.

## 6. వాడకం, ఎండు రోజులు

తాగడానికి, వంటకి మనిషికి రోజుకి ఆరు లీటర్లు. ఐదుగురికి 30 లీటర్లు, నెలకి 900.

ఇప్పుడు వాన మీద ఆశ పెట్టుకోకూడని రోజులు లెక్కపెట్టండి. డిసెంబరు మొదటి తేదీ నుంచి జూన్ మధ్య దాకా సుమారు 195 రోజులు. మేలో అకాల వాన పడొచ్చు, పడకపోవచ్చు.

195 × 30 = 5,850 లీటర్లు. తూములోంచి వచ్చే మొత్తంలో అయిదో వంతు కూడా కాదు. ట్యాంకులో వాడుకోగలిగే నీళ్లు ఇంత ఉండాలి.

పొడుగాటి ఎండకాలం × రోజువారీ వాడకం అన్నది ట్యాంకు సైజు. ఏడాది వాన × విస్తీర్ణం అన్నది ఆ ట్యాంకు నిండుతుందా లేదా అని చూసుకునే పరీక్ష మాత్రమే. రెండింటినీ కలగాపులగం చెయ్యడం వల్లే వెయ్యి లీటర్ల ట్యాంకులూ వస్తున్నాయి, ముప్పై వేల లీటర్ల ఎస్టిమేట్లూ వస్తున్నాయి.

మరి అన్ని అవసరాలకీ ఇవే నీళ్లు వాడితే? మనిషికి 70 లీటర్ల చొప్పున ఇంటికి రోజుకి 350. ఎండు రోజులకే 68,000 లీటర్లు కావాలి. ఏడాది మొత్తం వచ్చేదే 31,000. అక్కడితో ఆ ఆలోచన వదులుకోవచ్చు. ఈ డాబా ఎంత లాగినా రోజుకి 75 లీటర్ల దాకా ఇవ్వగలదు, దానికి దాదాపు 15,000 లీటర్ల ట్యాంకు కావాలి. ఇంట్లో మనుషులు ఎక్కువుంటే అది ఆలోచించదగ్గదే. ఐదుగురికి దండగ ఖర్చు.

## 7. నెలవారీ పట్టీ వేసి సరిచూడడం

వాడుకోగలిగే చోటు 6,000 లీటర్లు అనుకుని, జూన్ మొదట్లో ట్యాంకు ఖాళీగా ఉందనుకుని రాశాను.

| నెల | వాన (మి.మీ.) | వచ్చేవి (లీ.) | వాడకం (లీ.) | నెలాఖరుకి (లీ.) |
|---|---|---|---|---|
| జూన్ | 60 | 3,000 | 900 | 2,100 |
| జులై | 120 | 6,000 | 900 | 6,000 |
| ఆగస్టు | 110 | 5,500 | 900 | 6,000 |
| సెప్టెంబరు | 120 | 6,000 | 900 | 6,000 |
| అక్టోబరు | 140 | 7,000 | 900 | 6,000 |
| నవంబరు | 50 | 2,500 | 900 | 6,000 |
| డిసెంబరు | 0 | 0 | 900 | 5,100 |
| జనవరి | 0 | 0 | 900 | 4,200 |
| ఫిబ్రవరి | 0 | 0 | 900 | 3,300 |
| మార్చి | 0 | 0 | 900 | 2,400 |
| ఏప్రిల్ | 0 | 0 | 900 | 1,500 |
| మే | 20 | 1,000 | 900 | 1,600 |

చివరి గడిలో ఎక్కడా సున్నా కిందకి పోలేదు. మే వాన పూర్తిగా ఎగ్గొట్టినా నెలాఖరుకి 600 మిగులుతాయి, అంటే ఇంకో ఇరవై రోజులు. చాలు.

పట్టీలో కళ్లు పెట్టాల్సింది నవంబరు వరస మీద. నవంబరు ఆఖరుకి ట్యాంకు నిండుగా ఉండడమే అన్నిటికన్నా ముఖ్యం. జులైలో నిండినా, ఆగస్టులో పొర్లినా పెద్ద లాభం లేదు. అందుకే ట్యాంకు కడగడం కార్తీకమాసంలో పెట్టుకోవద్దు. మే ఆఖరులో, నీళ్లు అడుగుకి దిగినప్పుడు కడుక్కోండి.

## 8. 6,000 లీటర్లు కావాలంటే 7,000 కట్టాలి

కుళాయి అడుగుకంటా పెట్టం. కింద ఆరంగుళాలు మట్టి పేరుకోవడానికి వదలాలి. పైన పొర్లు పైపు దగ్గర నాలుగంగుళాలు ఖాళీ ఉంటుంది. ఈ పదంగుళాల్లో నీళ్లు ఉన్నా లేకపోయినా మనవి కావు.

బావగారి ట్యాంకు గుండ్రంగా, లోపలి అడ్డం ఏడున్నర అడుగులు, లోపలి ఎత్తు అయిదడుగుల ఎనిమిదంగుళాలు. మొత్తం దాదాపు 7,090 లీటర్లు. ఈ అడ్డానికి అంగుళం ఎత్తుకి 104 లీటర్లు. ఎత్తు 68 అంగుళాలు, అందులో పది పోగా 58. అంటే 6,030 లీటర్లు వాడుకోవచ్చు.

దీనికి బదులు మూడు నాలుగు ప్లాస్టిక్ ట్యాంకులు కలిపి పెట్టుకుంటామంటే సరే. కానీ ప్రతి దాని అడుగునా కొంత మిగిలిపోతుంది. అది కలుపుకుని కొనండి.

భూమిలో సంపు కట్టమంటారు మేస్త్రీలు, జాగా కలిసొస్తుందని. మన నేలల్లో నేను వద్దనే చెబుతాను. వానాకాలంలో నేల నీరు పైపైకి వస్తుంది. సన్నటి పగులున్నా ఉప్పు నీళ్లు లోపలికి ఊరతాయి, పైగా ఖాళీ సంపుని కింది నీరు పైకి ఎత్తేస్తుంది. మొన్నటిదాకా బాగున్న నీళ్లు వానాకాలంలో ఉప్పగా మారాయంటే అనుమానించాల్సింది సంపు గోడనే.

నేల మీద కట్టేటప్పుడు చూసుకోవాల్సినవి:

- నిండితే ఏడు టన్నుల బరువు. ఇంటి పక్క పూడ్చిన మట్టి మీద కట్టొద్దు, గట్టి నేల దాకా తవ్వి దిమ్మె పొయ్యండి
- దిమ్మె ఎత్తు, ట్యాంకు ఎత్తు, పైపు వాలు కలిపినా డాబా తూము కన్నా కిందే ఉండాలి
- దిమ్మె కనీసం అడుగున్నర. కుళాయి కింద బిందె పట్టాలి
- మూత వెలుతురు చొరకుండా. వెలుతురు పడితే పాచి పడుతుంది
- ప్రతి రంధ్రానికీ దోమతెర

పొర్లు పైపు గురించి రెండు మాటలు. తుపాను వాన గంటకి 100 మిల్లీమీటర్లు కొట్టిందనుకోండి, 75 చదరపు మీటర్ల మీద గంటకి 7,500 లీటర్లు. నిమిషానికి 125. అంగుళం పైపు అది మొయ్యలేదు. నీళ్లు మూత ఎత్తుకుని గోడ వెంట కారి దిమ్మె కింద మట్టిని తినేస్తాయి. లోపలికొచ్చే పైపు నాలుగంగుళాలైతే బయటికిపోయేదీ నాలుగంగుళాలే పెట్టండి.

## 9. కట్టాక: లెక్క నిజమైందా అని చూడడం

ముందు కారుతుందేమో చూడాలి. నింపి, నీటి మట్టం దగ్గర పెన్సిలు గీత గీసి, మూత వేసి రెండు రోజులు ముట్టుకోవద్దు. గీత నుంచి దిగితే మేస్త్రీని పిలవండి. కొత్త సిమెంటు ట్యాంకులో మొదటిసారి నింపిన నీళ్లు తాగొద్దు, మొక్కలకి పొయ్యండి.

తర్వాత గుణకం. నిటారు గోడలున్న స్టీలు డబ్బా ఒకటి డాబా మీద, చెట్టు నీడ పడని చోట పెట్టండి. వాన వెలిశాక అందులో నీళ్ల లోతు స్కేలుతో కొలవండి. పది మిల్లీమీటర్లు అనుకుందాం. మన డాబాకి 75 × 10 × 0.8, అంటే 600 లీటర్లు రావాలి. డ్రమ్ములోకి 80 పోతే ట్యాంకులో 520 పెరగాలి. అంటే అయిదంగుళాలు.

అక్కావాళ్లింట్లో మొదట పెరిగింది మూడే అంగుళాలు. 312 లీటర్లు, డ్రమ్ముతో కలిపి 392. పడింది 750. అంటే గుణకం 0.52. అప్పుడే వీధి తూము సంగతి బయటపడింది. దాన్నీ కలిపాక అదే పది మిల్లీమీటర్ల వానకి అయిదంగుళాలకి దగ్గరగా వచ్చింది.

తేడా వస్తే ఈ వరసలో వెతకండి:

- కొబ్బరి పూత తూము జల్లెడకి అడ్డుపడిందా
- కలపని తూము ఏదైనా ఉందా
- డాబా మీద మడుగులున్నాయా
- డ్రమ్ము చిల్లు పెద్దదై వాన పడుతున్నంతసేపూ నీళ్లు పోతున్నాయా
- పైపు అతుకుల దగ్గర గోడ తడిసిందా

సముద్రం ఒడ్డు ఊళ్లలో ఇంకొకటి. తుపాను గాలికి ఉప్పు తుంపర డాబా మీద పడుతుంది. ఆ రోజు డ్రమ్ము నిండాక వచ్చే నీళ్లు ఒక చుక్క నాలిక మీద వేసుకుని చూడండి. ఉప్పగా ఉంటే ట్యాంకు వాల్వు కట్టేసి ఇంకాసేపు బయటికే వదలండి. తాగే నీళ్లు ఎలాగూ కాచుకోవాలి, కాచినా ఉప్పు పోదు.

## 10. వెదురు కర్రతో ఆరు నెలల లెక్క

కుళాయి మట్టం సున్నాగా పెట్టి, ఒక వెదురు కర్ర మీద అంగుళాల గీతలు గీసుకోండి. ఈ ట్యాంకుకి నెలకి దిగాల్సింది తొమ్మిది అంగుళాల లోపే. వాన లేకుండా కర్ర మీద ఇవి కనపడాలి:

- డిసెంబరు 1: 58 అంగుళాలు
- జనవరి 1: 49
- ఫిబ్రవరి 1: 41
- మార్చి 1: 32
- ఏప్రిల్ 1: 23
- మే 1: 15
- జూన్ 1: 6

ఏ నెలైనా తొమ్మిది అంగుళాలు దాటి దిగిందంటే రెండే కారణాలు: కారుతోంది, లేదా ఎవరో వేరే పనికి వాడుతున్నారు. ఏది నిజమో తెలియాలంటే రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లారి కుళాయి తిప్పకముందు ఒకసారి కర్ర పెట్టి చూడండి. రాత్రంతా మట్టం కదలకపోతే ట్యాంకుది తప్పు కాదు.

సంక్రాంతికి అల్లుళ్లు, పిల్లలు వచ్చి పదిమంది అదనంగా వారం ఉంటే 420 లీటర్లు, కర్ర మీద నాలుగంగుళాలు. మా అక్క ఆ వారం ముందే కర్ర చూసుకుని, పండగ నీళ్లకి చెరువు నుంచి రెండు డ్రమ్ములు వేరుగా తెప్పిస్తుంది.